సెప్టెంబరు 10 లోగా ఎన్నిసార్లు రాయవచ్చు?

"మా అబ్బాయి బీటెక్ చివరి సంవత్సరం. ఆగస్టు 2న అమెజాన్ క్లౌడ్ సర్టిఫికెట్ కోసం ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్ష రాసి 684 స్కోరుతో తప్పాడు. ప్లేస్‌మెంట్ల కోసం రెజ్యూమె సెప్టెంబరు 10 లోగా ఇవ్వాలి. పాసయ్యే వరకు వరసగా రాయించమంటారా?" - ఒక తండ్రి, గుంటూరు

వరసగా రాయించడానికి నిబంధన ఒప్పుకోదు. తప్పినవారు 14 రోజులు ఆగితే గాని మళ్లీ రాయడానికి వీలుండదు. ఇన్నిసార్లే అనే పరిమితి లేదు గాని, రాసిన ప్రతిసారీ 150 డాలర్లూ, ఆపైన పన్నూ పూర్తిగా చెల్లించవలసిందే.

అందువల్ల లెక్కను చివరి తేదీ నుంచి వెనక్కి వేయండి. ఫలితం రావడానికి అయిదు పనిదినాల వరకు పట్టవచ్చు కనుక, రెజ్యూమెలో చేరాలంటే చివరి ప్రయత్నం సెప్టెంబరు 2 నాటికి ముగియాలి. దానికి ముందు మరొక అవకాశం కావాలంటే అది ఆగస్టు 18 దాటకూడదు. అంటే అతనికి మిగిలినవి రెండు ప్రయత్నాలు మాత్రమే. ఆగస్టు 18కి బుక్ చేసి, 16వ తేదీన సన్నద్ధతను చూసుకోమనండి. చాలదనిపిస్తే, పరీక్షకు 24 గంటల ముందు వరకు తేదీని ఉచితంగా మార్చుకోవచ్చు కనుక, సెప్టెంబరు 2కు జరిపి ఒక్కసారే రాయడం మేలు. ఒక బుకింగ్‌ను రెండుసార్లకు మించి మార్చనివ్వరు.

పాస్ కావడానికి 720 కావాలి. 684 అంటే పునాది ఉన్నట్టే. స్కోరు రిపోర్టులో ఏ విభాగం బలహీనమో కనిపిస్తుంది. విభాగాలవారీగా పాస్ కానవసరం లేదు, మొత్తం స్కోరే చూస్తారు. కాబట్టి 30 శాతం వెయిటేజీ ఉన్న భద్రత విభాగంలో వెనుకబడి ఉంటే, 20 శాతమే ఉన్న ఖర్చు తగ్గింపు విభాగం కంటే ముందు దాన్ని సరిచేసుకోవాలి.

ఇక మీతో ఒక మాట. ఈ సర్టిఫికెట్ ఉంటేనే ఉద్యోగం అన్న నమ్మకం మీకు ఎవరు కలిగించారో గాని, నాకు దానిపై గట్టి అనుమానాలున్నాయి. కళాశాలకు వచ్చే కంపెనీలు చాలావరకు ముందు చూసేది సీజీపీఏ, కోడింగ్ పరీక్ష. ఇంటర్వ్యూలో సబ్‌నెట్ అంటే ఏమిటో చెప్పలేని విద్యార్థిని సర్టిఫికెట్ కాపాడదు. చేతిలో ఒక చిన్న ప్రాజెక్టు ఉంటే దాని గురించి పది నిమిషాలు మాట్లాడగలడు. మీ ఆత్రంతో అతన్ని లీకైన ప్రశ్నల మూటలైన డంప్‌ల వైపు మాత్రం నెట్టకండి. వాటిని వాడినట్టు తేలితే సర్టిఫికెట్ రద్దు కావచ్చు, ఇకపై పరీక్షలే రాయనివ్వకపోవచ్చు. ఒకవేళ సెప్టెంబరు 2న కూడా తప్పితే, ఆ సర్టిఫికెట్ ప్రస్తావన లేకుండానే రెజ్యూమె ఇవ్వనివ్వండి. తర్వాతి ప్రయత్నానికి డ్రైవ్‌లు ముగిశాకే డబ్బు కట్టండి.