క్యూలో నిలబడి రాయాల్సిన స్క్రిప్టు

ప్రశ్న: నేను తిరుపతిలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. గాంధీ రోడ్డులోని ఒక కలంకారీ వస్త్రాల దుకాణం వారు బిల్లింగ్ కౌంటర్ పక్కన తెర మీద ఆగకుండా తిరిగే, శబ్దం లేని వీడియోకు స్క్రిప్టు రాయమన్నారు. రెండు నిమిషాల కథ రాసిచ్చాను. బాగుంది గానీ ఎవరూ చూడటం లేదన్నారు. ఇది ఉపాధిగా పనికొస్తుందా సార్?

జవాబు: పనికొస్తుంది, కానీ కథ రాయడం మానాలి. మీ కథలో అసలు విషయం చివర్లో ఉంది. కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లు ఎక్కడో మధ్యలో చూడటం మొదలుపెట్టి, బిల్లు అందగానే వెళ్లిపోతారు. ముందు ఒక సాయంత్రం ఆ క్యూ పక్కన నిలబడి, ఒక్కొక్కరు ఎంతసేపు ఆగుతున్నారో ఫోనులో కొలవండి. చాలామంది 50 సెకన్లు ఆగుతున్నారనుకుందాం. అప్పుడు వీడియో మొత్తం 45 సెకన్లు, అందులో 9 సెకన్ల ముక్కలు ఐదు. ప్రతి ముక్కా ముందూ వెనకా లేకుండానే అర్థం కావాలి.

ఒక ముక్క చూద్దాం. డబ్బు కట్టబోయే మనిషికి చీర గొప్పతనం కాదు, ఇంటికెళ్లాక రంగు పోతుందా అన్నదే బెంగ. మొదటి చిత్తులో మీరు ‘మా వద్ద కొనుగోలు చేసిన కలంకారీ వస్త్రాలను మొదటిసారి ఇతర వస్త్రాలతో కలపకుండా చల్లని నీటిలో ఉతకవలసిందిగా మనవి’ అని రాస్తారు. అది పెళ్లి శుభలేఖ భాష. ‘విడిగా, చన్నీళ్లలో ఉతకండి’ చాలు. బొమ్మలో బకెట్‌లో ముంచుతున్న చేయి, తర్వాత నీడలో ఆరుతున్న చీర. యాత్రికుల్లో తెలుగు చదవలేనివారు చాలామంది ఉంటారు కాబట్టి బొమ్మే సంగతి చెప్పాలి. కావాలంటే కింద తమిళంలో ఒక వరుస పెట్టండి. ఒకే తెర మీద నాలుగు భాషలు కుక్కితే ఏదీ చదవరు. తెర మీది మాటలను నెమ్మదిగా రెండుసార్లు పైకి చదవండి. 9 సెకన్లు దాటితే ఇంకా కోయాలి.

తెలుగు అక్షరాలతో ఒక చిక్కుంది. వరుసలు దగ్గరైతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. సన్నని అక్షరాలైతే దూరం నుంచి అలికినట్టు కనిపిస్తాయి. కొనేవారు నిలబడే చోటి నుంచే చూసి సరిచేయండి.

చివర తెర నల్లబడి, దుకాణం పేరు వచ్చి ఆగితే వీడియో అయిపోయిందని తల తిప్పేస్తారు. పేరును మూలన స్థిరంగా ఉంచి, చివరి దృశ్యాన్ని మొదటి దృశ్యం మొదలైన బొమ్మతోనే ముగించండి. అతుకు తెలియకూడదు. మెరుపులు వద్దు, క్యాషియర్ రోజంతా దాని పక్కనే కూర్చోవాలి. ధరలు అసలే వద్దు. రేటు మారి తెర మారకపోతే గొడవ పడేది ఆయనతోనే.

ఉద్యోగానికైనా, సొంత పనికైనా చూపించడానికి ఒక లెక్క కావాలి. వీడియో లేకుండా ఒక వారం, పెట్టాక ఒక వారం, ‘ఎలా ఉతకాలి?’ అని ఎందరు అడిగారో గీతలు పెట్టమని క్యాషియర్‌ను అడగండి. పాత స్క్రిప్టు, కొత్త స్క్రిప్టు, ఆ గీతల కాగితం పక్కపక్కన పెట్టి పక్క దుకాణానికి వెళ్లండి. పండుగ పండుగకూ ముక్కలు మార్చే పనికి రుసుము విడిగా మాట్లాడుకోండి.