స్కోరు ముందే తెలిసిన పాఠకుడికి మొదటి వాక్యంలో ఏం చెప్పాలి?

ప్రశ్న: సార్, మాది నెల్లూరు. నాన్న ఉద్యోగం వల్ల చెన్నైలో, పెరంబూర్‌లో ఉంటున్నాం. నేను బీఏ జర్నలిజం ఫైనల్ ఇయర్. స్పోర్ట్స్ రిపోర్టర్ కావాలని ఉంది. ఒక తెలుగు పత్రికకు శాంపిల్‌గా అంతర్ కళాశాలల మహిళల కబడ్డీ ఫైనల్ మీద కథనం రాసి పంపాను. 'మొదటి పేరా చదివాక రెండోది చదవాలనిపించలేదు' అని తిప్పి పంపారు. నా మొదటి వాక్యం ఇదీ: "చెన్నైలో ఆదివారం హోరాహోరీగా జరిగిన అంతర్ కళాశాలల మహిళల కబడ్డీ టోర్నమెంట్ ఫైనల్లో ఆతిథ్య జట్టు 31-30 తేడాతో ఉత్కంఠభరిత విజయం సాధించి టైటిల్ కైవసం చేసుకుంది." సమాచారం అంతా ఉంది కదా సార్, ఇంకేం కావాలి? కాపీతో పాటు మ్యాచ్ రోజు రాసుకున్న నోట్స్ కూడా జత చేస్తున్నాను.
— ఒక విద్యార్థిని, చెన్నై

జవాబు:

మీ కాపీ కంటే మీ నోట్స్ బాగున్నాయమ్మా. చివరి పేజీలో హడావిడిగా గీకిన నాలుగు లైన్లు చూడండి: "లాస్ట్ మినిట్. 29-30. మనవాళ్లు ముగ్గురే. వాళ్లకి డూ ఆర్ డై, ముందు రెండూ ఖాళీ. కెప్టెన్ ఎడమ కార్నర్, యాంకిల్ పట్టింది. చెయ్యి లైన్‌కి జానెడు. విజిల్." మ్యాచ్ మొత్తం ఇందులోనే ఉంది. అచ్చుకు పంపిన కాపీలో మాత్రం ఇది తొమ్మిదో పేరాలో, 'చివర్లో ఆతిథ్య జట్టు డిఫెన్స్ రాణించింది' అన్న ఒక్క ముక్కగా మిగిలింది.

ఆ నిమిషంలో ఏం జరిగిందో ముందు విడదీసి చూద్దాం. ప్రత్యర్థి జట్టు ఒక్క పాయింట్ ఆధిక్యంలో ఉంది. కాలం గడిపేస్తే కప్పు వాళ్లదే. అందుకే వరసగా రెండు రైడ్లలో బాక్ లైన్ దాటి, ఎవరినీ ముట్టకుండా వెనక్కి వచ్చేశారు. మీ టోర్నీలో డూ ఆర్ డై నియమం ఉంది కాబట్టి మూడో రైడ్‌లో ఆ వీలు లేదు. పాయింట్ తేవాలి, లేదంటే రైడర్ ఔట్. అంటే ఆధిక్యాన్ని కాపాడుకోవడానికి వాళ్లు వేసిన ఎత్తే వాళ్ల రైడర్‌ని ముగ్గురు డిఫెండర్ల మధ్యకు తోసింది. ముగ్గురు, లేదా అంతకంటే తక్కువ మంది ఉన్నప్పుడు రైడర్‌ని పట్టేస్తే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. 29 కాస్తా 31 అయింది అలా. ఆ జానెడు దూరం దాటి ఆమె చెయ్యి మిడ్‌లైన్‌కు తగిలి ఉంటే, పట్టుకున్న కెప్టెనే ఔట్ అయ్యేది.

మొదటి వాక్యానికి పనికొచ్చే క్షణం ఇలాంటిదే. చూడటానికి బాగుండటం ఒక్కటే చాలదు, ఫలితం ఎందుకు అలా వచ్చిందో కూడా ఆ క్షణం లోపలే ఉండాలి. మీ నోట్స్‌తోనే రాస్తే ఇలా వస్తుంది:

"రైడర్ చాచిన చెయ్యి మిడ్‌లైన్‌కు జానెడు దూరంలో ఆగిపోయింది. ఎడమ కార్నర్ నుంచి వచ్చిన కెప్టెన్ ఆమె చీలమండ వదల్లేదు.

ఈల మోగింది. అంతవరకు 29-30తో వెనకబడి ఉన్న ఆతిథ్య జట్టు, ముగ్గురే మిగిలిన మ్యాట్ మీద సూపర్ టాకిల్‌తో 31-30గా కప్పు గెలిచింది. ఆధిక్యం నిలబెట్టుకోవాలని ప్రత్యర్థి వదిలేసిన రెండు ఖాళీ రైడ్లే చివరికి ఆ జట్టు కొంప ముంచాయి."

మూడో పేరాలో ఏ టోర్నీ, ఎక్కడ, ఎప్పుడు, సెమీస్ ఎలా గెలిచారు వంటివి పెట్టుకోండి. మీ మొదటి వాక్యంలోని సమాచారంలో ఒక్క ముక్క కూడా పోలేదు, చోటు మారిందంతే. స్కోరు రెండో పేరాలోనే వచ్చేసింది చూడండి. ఎవరు గెలిచారో ఐదో పేరా దాకా దాచిపెట్టి సస్పెన్స్ అనుకునేవాళ్లున్నారు. ఫలితం ఫోన్‌లో చూసిన తర్వాతే పాఠకుడు పేజీ తిప్పాడు. అతనికి తెలియనిది అదెలా జరిగిందన్నదే.

రాస్తుంటే 'ఆమె వేళ్లు మ్యాట్‌ను గీరాయి' అని నా చేతికే వచ్చింది. మీ నోట్స్‌లో అది లేదు, కొట్టేశాను. 'కెప్టెన్ మనసులో కాలేజీ పరువు మెదిలింది' లాంటివీ అంతే. ఆమె చెబితే ఆమె మాటగా రాయాలి, చెప్పకపోతే రాయకూడదు. క్షణంతో మొదలుపెట్టడం నేర్చుకున్న కొత్తలో అందరూ జారేది ఇక్కడే. కథలా రాయమన్నారు కదా అని కల్పన చేరుస్తారు. డెస్క్‌లో ఎవరైనా 'ఇది నువ్వు చూశావా?' అని అడిగితే నోట్స్‌లో చూపించగలిగినదే కాపీలో ఉండాలి.

అదే పేజీలో ఇంకో రెండు రంగుల క్షణాలు రాసుకున్నారు: తప్పెట మోగించిన స్టూడెంట్లు, కప్పు అందుకుంటూ ఏడ్చిన కెప్టెన్. వీటితో మొదలుపెట్టాలని మీకు మనసవుతుంది. కానీ తప్పెట ప్రతి కాలేజీ మ్యాచ్‌లోనూ మోగుతుంది, కన్నీళ్లు ప్రతి ఫైనల్లోనూ వస్తాయి. నేను డెస్క్‌లో ఉన్నప్పుడు ట్రైనీలకు పెట్టిన పరీక్ష ఒకటే: మీ మొదటి వాక్యాన్ని పోయిన వారం మ్యాచ్ రిపోర్టు నెత్తిన పెట్టి చూడండి. అక్కడా అతికిందంటే అది ఈ మ్యాచ్ వాక్యం కాదు. 'హోరాహోరీ', 'ఉత్కంఠభరిత', 'కైవసం' ఈ పరీక్షలో మొదటి రౌండే దాటవు.

ఒక మ్యాచ్‌లో ఇలాంటి క్షణాలు రెండు మూడు ఉంటే? అప్పుడు మీరు చెప్పబోయే కథ ఏదో ముందు తేల్చుకోవాలి. మీరుంటున్న చెన్నైలోదే ఉదాహరణ, 1999 జనవరి 31న చేపాక్‌లో ముగిసిన భారత్-పాకిస్థాన్ టెస్టు. లక్ష్యం 271. ఒక దశలో 82కే 5 వికెట్లు పడ్డాయి. వెన్నునొప్పితోనే ఆడిన సచిన్ 136 పరుగులు చేసి, గెలుపుకు 17 పరుగుల దూరంలో సక్లయిన్ బౌలింగ్‌లో ఔటయ్యాడు. మిగిలిన మూడు వికెట్లు 4 పరుగులకే పోయాయి. 12 పరుగులతో ఓటమి. స్టేడియంలోని జనం లేచి నిలబడి పాకిస్థాన్ జట్టుకు చప్పట్లు కొట్టారు.

సచిన్ కొట్టిన బంతి గాల్లోకి లేచి అక్రమ్ చేతుల్లో పడిన క్షణంతో మొదలుపెడితే, రెండో పేరా ఆ 17 పరుగుల గురించి, ఒక్కడి మీదే ఆధారపడిన బ్యాటింగ్ గురించి రావాలి. శ్రీనాథ్ బౌల్డ్ అయిన క్షణంతో మొదలుపెడితే చివరి మూడు వికెట్ల కథ చెప్పాలి. చప్పట్లతో మొదలుపెడితే ఆ టూర్ నేపథ్యం చెప్పక తప్పదు. అదే నెలలో సిరీస్‌ను వ్యతిరేకిస్తూ ఢిల్లీ కోట్లా పిచ్‌ను తవ్వేశారు, అందుకే మొదటి టెస్టు చెన్నైకి వచ్చింది. అది తెలిసిన పాఠకుడికి ఆ చప్పట్ల బరువు అర్థమవుతుంది, తెలియనివాడికి అదొక మంచి దృశ్యం మాత్రమే. చప్పట్లతో మొదలుపెట్టి రెండో పేరాలో సక్లయిన్ బౌలింగ్ గణాంకాల్లోకి దూకితే, క్షణం ఒక దారి, కథ ఇంకో దారి పడతాయి. నేను తిరగరాయించిన కాపీల్లో ఎక్కువ వాటి జబ్బు ఇదే. కాబట్టి రెండో పేరా ముందు రాసుకోండి, దానికి ఏ క్షణం తలుపు తీస్తుందో తర్వాత వెతకండి.

తెలుగులో రాసేవాళ్లకు అదనంగా ఒక చిక్కుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. 'జరిగిన', 'సాధించిన', 'తలపడిన' అంటూ విశేషణాలు ముందు పేర్చుకుంటూ పోతే అసలు ఏమైందో తెలిసేసరికి పాఠకుడికి ఊపిరి అందదు. మీ వాక్యంలో 'ఆతిథ్య జట్టు' అనే మాట రావడానికి ముందు పది మాటలున్నాయి. క్షణాన్ని పట్టుకునే వాక్యం పొట్టిగా ఉండాలి, మనిషితోనో, చేతితోనో, బంతితోనో మొదలవ్వాలి. బయటికి చదివి చూడండి, ఒక్క గుక్కలో రాకపోతే రెండు చేయండి.

అన్ని చోట్లా ఇదే పద్ధతి అనుకోకండి. పీటీఐ లాంటి ఏజెన్సీకి రాస్తే ఎవరు, ఎవరిమీద, ఎంత తేడాతో అన్నది మొదటి వాక్యంలోనే కావాలి. ఆ కాపీని వేరే డెస్క్‌లు కత్తిరించి వాడుకుంటాయి, కింది పేరాలు పోయినా వార్త నిలవాలి. మైదానంలో పెద్ద ప్రమాదం జరిగినా, ఎవరైనా రిటైర్మెంట్ ప్రకటించినా అంతే, నేరుగా చెప్పాలి. అందుకే మీ ఫైల్లో ఇదే ఫైనల్ మీద రెండు కాపీలు పెట్టండి: విజిల్ పడిన పది నిమిషాల్లో పంపేలా ఆరు వాక్యాల వార్త ఒకటి, మర్నాటి పేజీకి క్షణంతో మొదలయ్యే కథనం ఒకటి. రెండూ రాయగలరని చూపించిన ట్రైనీని ఎడిటర్ తేలిగ్గా వదులుకోడు.

నోట్స్ రాసే పద్ధతి కూడా కొంచెం మార్చుకోండి. ఇప్పుడు మీరు పాయింట్ పడ్డాకే రాస్తున్నారు. ప్రతి ఎంట్రీకి ముందు స్కోరు, గడియారం టైమ్ వేయండి. ఆట ఆగిన ప్రతిసారీ ఎవరి చెయ్యి ఎక్కడుంది, బెంచ్ మీద ఎవరేమన్నారు అని ఒక్క ముక్క రాసుకోండి. ఏది కీలకమో అప్పుడు తెలియదు, అందుకే ఎక్కువే రాసుకోవాలి. చెన్నైలో ఉండటం మీకు కలిసొచ్చే విషయం. కాలేజీ టోర్నీలు, టీఎన్‌సీఏ క్రికెట్ లీగ్ మ్యాచ్‌లు ఉండనే ఉన్నాయి, టీవీ కెమెరాలు లేని చోట మీరు చూసినదే వార్త.

తిరగరాసిన కాపీ అదే ఎడిటర్‌కు పంపండి, తప్పేం లేదు. కానీ పంపేముందు నిర్వాహకుల దగ్గర స్కోర్‌షీట్ తీసుకుని మూడు విషయాలు సరిచూసుకోండి: ఆ రైడ్‌కు ముందు స్కోరు 29-30నేనా, మ్యాట్ మీద ముగ్గురే ఉన్నారా, అంతకుముందు రెండు రైడ్లూ ఖాళీయేనా. ఈ మూడింటిలో ఏది తేడా వచ్చినా పైన నేను రాసిన రెండు పేరాలూ చెత్తబుట్టకే. అప్పుడు కెప్టెన్‌కు ఫోన్ చేసి ఆ నిమిషం గురించి మళ్లీ అడిగి, కొత్తగా రాయాలి.