రెండు వరుసల రోడ్డు మీద లారీని దాటాలంటే

చిరంజీవి చిన్నాకు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు కారు కొన్నావనీ, ఇకనుంచి శనివారం సాయంత్రాలు జడ్చర్ల నుంచి మిర్యాలగూడకు బస్సులో కాకుండా కారులోనే వస్తావనీ మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. బస్సు నడిపి రిటైరైన వాణ్ణి కాబట్టి ఆ దారి గురించి నీకు ఒక్క విషయం వివరంగా రాయాలనిపించింది.

నువ్వు కల్వకుర్తి, కొండమల్లేపల్లి, హాలియా మీదుగా వచ్చేది 167వ నంబరు జాతీయ రహదారి. పేరుకు జాతీయ రహదారే అయినా చాలా దూరం మధ్యలో డివైడర్ ఉండదు. పోవడానికి ఒక వరుస, రావడానికి ఒక వరుస, అంతే. విజయవాడ రోడ్డు మీద ముందున్న బండిని దాటేటప్పుడు పక్క వరుస కూడా మన దిక్కుకు పోయే వాళ్లదే. ఈ రోడ్డు మీద దాటాలంటే ఎదురుగా వచ్చేవాడి వరుసలోకి వెళ్లి, వాడు వచ్చేలోగా తిరిగి మన వరుసలోకి రావాలి. కాబట్టి ఇక్కడ ఓవర్‌టేక్ చేయవచ్చా లేదా అన్నది నీ కారు ఎంత వేగంగా పోగలదన్నదాన్ని బట్టి తేల్చకూడదు. ముందు ఎంత దూరం ఖాళీగా కనిపిస్తోందో చూసి తేల్చాలి.

ఒక లెక్క చెబుతాను, ఓపికగా చదువు. నీ ముందు లారీ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఇలాంటి రోడ్డు మీద కారుకు చట్టం ఒప్పుకునేది 70. అంటే లారీ కన్నా నీకు ఎక్కువ ఉన్నది 20 మాత్రమే. సెకనుకు అయిదున్నర మీటర్లు. లారీ వెనక నువ్వు వదిలిన ఖాళీ 25 మీటర్లు, లారీ పొడవు 12, దాటాక దాని ముందు వదలాల్సిన ఖాళీ 20, నీ కారు 4. మొత్తం 61 మీటర్లు నువ్వు లారీ మీద గెలవాలి. దానికి 11 సెకన్లు పడుతుంది. ఆ 11 సెకన్లలో నువ్వు రోడ్డు మీద 210 మీటర్లకు పైగా ముందుకు పోతావు. ఎదురుగా 80 మీద వచ్చే బండి అదే సమయంలో దాదాపు 245 మీటర్లు నీ వైపు వచ్చేస్తుంది. రెండూ కలిపితే 450 దాటింది. ఇందులో పొరపాటుకు చోటు ఇంకా ఇవ్వలేదు. అది కూడా కలుపుకుంటే 600 మీటర్ల రోడ్డు ఖాళీగా కనిపించాలి. కనిపించకపోతే ఆగాలి.

ఇప్పుడు అదే లారీ 60 మీద పోతోందనుకో. నీకు మిగిలిన తేడా 10. సమయం రెట్టింపై 22 సెకన్లు అవుతుంది, కావలసిన ఖాళీ 900 మీటర్లు దాటుతుంది. మలుపులూ మిట్టలూ ఉన్న ఈ దారిలో అంత దూరం ఒక్కసారిగా కనిపించే చోట్లు తక్కువ. అందుకే 60 మీద పోయే లారీని వదిలెయ్. దాని వెనకే 30 కిలోమీటర్లు వచ్చినా నువ్వు పోగొట్టుకునేది నాలుగైదు నిమిషాలు. వేగం పెంచి దాటేస్తే సరిపోతుంది కదా అంటావేమో. 90 మీద ఉన్నప్పుడు ఎడ్లబండో గొర్రెల మందో అడ్డం వస్తే బ్రేకు పట్టేలోగానే సగం దూరం అయిపోతుంది.

600 మీటర్లను కంటితో ఎలా కొలవాలి? పసుపు, తెలుపు రంగుల కిలోమీటరు రాళ్లు చూసే ఉంటావు. వాటి మధ్య ప్రతి 200 మీటర్లకూ ఒక చిన్న రాయి ఉంటుంది, వాటి మీద 2, 4, 6, 8 అని అంకెలు వేస్తారు. అలాంటి మూడు రాళ్ల దూరం నీకు కావాలి. కొన్నిచోట్ల రాళ్లు పొదల్లో కలిసిపోయాయి, అక్కడ ఇంకో పద్ధతి ఉంది. 70 మీద పోతూ దూరంగా ఒక తాటిచెట్టునో బోర్డునో గుర్తు పెట్టుకుని, అక్కడికి చేరేదాకా సెకన్లు లెక్కపెట్టు. ముప్పై వచ్చిందంటే అది 600 మీటర్లు. మొదటి కొన్ని వారాలు ఎవరినీ దాటకుండా ఇదొక్కటే సాధన చెయ్. సాధన లేకుండా మనం ఊహించే దూరం తప్పవచ్చు. పైగా ఎదురుగా వచ్చే బండి దూరంగా ఉన్నప్పుడు కదలనట్టే కనిపిస్తుంది, దాని వేగం దగ్గరికి వచ్చాకే తెలుస్తుంది. రాత్రి రెండు లైట్లు మాత్రమే కనిపిస్తాయి కాబట్టి ఆ అంచనా పూర్తిగా తప్పుతుంది. చీకటి పడ్డాక ఈ రోడ్డులో ఎదురు లైటు కనిపిస్తుంటే అసలు దాటకు.

దాటే పని లారీకి అతుక్కుని మొదలుపెట్టకూడదు. దగ్గరికి పోయేకొద్దీ నీకు దాని వెనక తలుపు తప్ప ఏమీ కనిపించదు. వెనక్కి తగ్గితే రోడ్డు విప్పుకుంటుంది, వేగం పెంచడానికి చోటు కూడా దొరుకుతుంది. రోడ్డు కుడికి వంగినప్పుడు లారీ కుడి పక్క నుంచి, ఎడమకు వంగినప్పుడు ఎడమ పక్క నుంచి ముందున్నది చూసుకో. వంపులో చూసుకోవాలి, దాటడం మాత్రం తిన్నని రోడ్డు వచ్చాకే. ఖాళీ ఉందని తేలాక మొదట అద్దం చూడు. నీ వెనకవాడు అప్పటికే నిన్ను దాటడం మొదలుపెట్టి ఉంటే నువ్వు కదలకూడదు. తర్వాత కుడి ఇండికేటర్, హారన్. గేరు తగ్గించి నీ వరుసలో ఉండగానే వేగం అందుకుని, అప్పుడు బయటికి రా. లారీని దాటాక అద్దంలో దాని ముందు భాగం అంతా, రెండు లైట్లతో సహా కనిపించాకే ఎడమ ఇండికేటర్ వేసి లోపలికి రావాలి. డ్రైవర్ కిటికీ దాటగానే లోపలికి దూరితే అతను బ్రేకు వెయ్యాల్సి వస్తుంది. సరుకుతో ఉన్న లారీ అనుకున్న చోట ఆగదు.

మధ్యలో ఎదురు బండి కనిపిస్తే? నీ కారు ముందు భాగం ఇంకా లారీ వెనక చక్రాల దగ్గరే ఉంటే వెంటనే బ్రేకు వేసి వెనక్కి వచ్చెయ్. అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ నువ్వు వదిలివచ్చిన ఖాళీలోకి వెనక కారు ఎక్కేసి ఉంటే తిరిగి రావడానికి చోటు ఉండదు. అందుకే వరుసగా నాలుగైదు బండ్లు లారీ వెనక కాచుకుని ఉన్నప్పుడు తొందరపడకు. ముందు కారు దాటింది కదా అని దాని వెనకే నువ్వూ పోకు. ఆ ఖాళీ అతను చూసుకున్నది, నీకు కనిపించేది అతని డిక్కీ మాత్రమే.

లారీ డ్రైవర్లు ఇండికేటర్‌తో పొమ్మని సైగ చేస్తుంటారు. అది మర్యాదే, కానీ నీ నిర్ణయానికి ఆధారం కాకూడదు. కుడి ఇండికేటర్ వేశాడంటే నిన్ను పొమ్మంటున్నాడో, కుడివైపు పెట్రోలు బంకుకో మిల్లుకో తిరుగుతున్నాడో నీకు ఎలా తెలుస్తుంది? వేగం తగ్గిస్తూ రోడ్డు మధ్యకు జరుగుతున్నాడంటే తిరుగుతున్నట్టే. అప్పుడు అతని ఎడమ పక్కన చోటుంటే నెమ్మదిగా పోవచ్చు. చట్టం ఎడమ నుంచి దాటనిచ్చే సందర్భం అదే. చోటు లేకపోతే ఆగు.

దాటకూడని చోట్లు లైసెన్సు పరీక్షకు చదివే ఉంటావు: మలుపు, మిట్ట, ఇరుకు వంతెన, కూడలి, జీబ్రా గీతలు, బడి దగ్గర, రైలు గేటు. వీటన్నిటికీ కారణం ఒకటే, అవతలి మనిషి నీకు కనిపించడు, నువ్వు అతనికి కనిపించవు. ఈ దారిలో నేను ప్రత్యేకంగా చెప్పేది హాలియా దాటాక వచ్చే సాగర్ ఎడమ కాలువ ప్రాంతం గురించి. కాలువల మీద వంతెనలు రోడ్డు కన్నా ఎత్తుగా ఉన్నచోట, ఎక్కేటప్పుడు అవతల ఏముందో బస్సు డ్రైవర్‌కే కనిపించదు, కారులో కూర్చున్న నీకు అసలే కనిపించదు. మధ్య గీత తెగకుండా ఉంటే దాటకూడదు. ఒక గీత తెగుతూ, పక్కది తెగకుండా జంటగా ఉంటే నీ వైపు ఉన్న గీతే నీకు వర్తిస్తుంది. వాటిని లెక్కచేయకుండా ప్రమాదకరంగా దాటితే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద మొదటిసారే వెయ్యి నుంచి అయిదు వేల దాకా జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

పంట కోతల రోజుల్లో గీత కూడా నిన్ను కాపాడదు. రైతులు రోడ్డు అంచున వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు. ఎదుటివాడి వైపు వడ్లు ఉంటే వాడు తప్పనిసరిగా నీ వరుసలోకి వస్తాడు. ముందు వడ్ల కుప్ప కనిపించిందంటే అక్కడ రోడ్డు ఒక్క వరుసే అనుకుని దాటడం మానెయ్. పత్తి తీసే కాలంలో ట్రాక్టర్ ట్రాలీ మీద పత్తి రెండు పక్కలా పొంగి ఉంటుంది, డ్రైవర్‌కు వెనక ఏమీ కనిపించదు, ఇంజను మోతలో నీ హారన్ వినిపించదు. ట్రాక్టర్ నెమ్మదిగా పోతుంది కాబట్టి దాటడం తేలికే అనిపిస్తుంది. కానీ అది ఏ బండ్లబాటలోకైనా ఇండికేటర్ లేకుండా కుడికి తిరుగుతుంది. డ్రైవర్ తల తిప్పి నిన్ను చూశాకే కదులు.

నిన్ను ఎవరైనా దాటుతున్నప్పుడు చేయాల్సినవి తక్కువే, కానీ కుర్రవాళ్లు వాటిలోనే తప్పుతారు. వెనక బస్సు బయటికి రాగానే నీ కాలు యాక్సిలరేటర్ మీద ఒక్క పిసరు కూడా దిగకూడదు. నువ్వు 10 కిలోమీటర్లు పెంచితే బస్సు డ్రైవర్ లెక్కంతా తప్పుతుంది. ఇందాక లారీ 50 నుంచి 60కి మారితే ఏమైందో చూశావు కదా. దాటేవాడికి అడ్డుపడడం, వేగం పెంచడం చట్టం ప్రకారం కూడా తప్పే. నీ వరుసలో ఎడమకు జరిగి తిన్నగా పో, మట్టి అంచు మీదికి మాత్రం దిగకు, అక్కడ చక్రం జారుతుంది. నీ ముందు బండికీ నీకూ మధ్య ఖాళీ పెంచు, బస్సు దూరాల్సింది అందులోకే. రాత్రయితే బస్సు నిన్ను దాటగానే నీ లైట్లు డిమ్ చెయ్, లేకపోతే అతని అద్దాలన్నీ నీ వెలుతురుతో నిండిపోతాయి.

బస్సు నీ పక్కన ఉండగా ఎదురుగా లారీ వచ్చిందనుకో. అతను ముందుకే పోతుంటే నువ్వు బ్రేకు వేసి చోటివ్వు. అతను బ్రేకు వేసి వెనక్కి తగ్గుతుంటే మాత్రం నువ్వు బ్రేకు వెయ్యకు, ఉన్న వేగంతో పో. ఇద్దరూ ఒకేసారి తగ్గితే ఇద్దరూ పక్కపక్కనే ఉండిపోతారు. బస్సు ముందు భాగం నీ కిటికీ నుంచి ముందుకు జరుగుతోందా, వెనక్కి జారుతోందా అన్నది చూస్తే అర్థమవుతుంది. ఎదుటి నుంచి వచ్చేవాడే దాటుతూ నీ వరుసలోకి వస్తే నీ హక్కు గురించి ఆలోచించకు. వెంటనే వేగం తగ్గించి, లైట్లు కొట్టి, ఎడమకు జరుగు. వేగం బాగా తగ్గాక అయితే మట్టి అంచు దిగినా ఫర్వాలేదు.

ఈసారి వచ్చినప్పుడు ఆదివారం ఉదయం తీరిక చేసుకో. హాలియా దాకా నేను నీ పక్కన కూర్చుని వస్తాను, ఆ చిన్న రాళ్లు చూస్తూ ఎవరినీ దాటకుండా ఒకసారి పోయి వద్దాం. పెద్దమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు
మీ పెదనాన్న