ఎక్సర్‌సైజ్ చేసిన కంపెనీ షేర్లు ఉంచుకోవాలా, అమ్మేయాలా?

ప్రశ్న: మా కంపెనీ స్టాక్ మార్కెట్‌లో లిస్టయి ఉంది. షేర్లను ముందే నిర్ణయించిన ధరకు కొనుక్కునే హక్కుగా నాకిచ్చిన ఆప్షన్లలో వెయ్యి వెస్ట్ అయ్యాయి, అంటే ఇప్పుడు వాడుకోవచ్చు. ఎక్సర్‌సైజ్ చేసి, అంటే ఆ ధర కట్టి కొని, షేర్లు అలాగే ఉంచుకుందామనుకుంటున్నాను, కంపెనీ బాగానే నడుస్తోంది. మంచిదేనా?

జవాబు: నేనైతే ఎక్సర్‌సైజ్ చేసిన రోజే చాలా భాగం అమ్మేస్తాను. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

మీకు ముందే నిర్ణయించిన ధర, అంటే స్ట్రైక్ ధర 100, ఇవాళ్టి మార్కెట్ ధర 500 అనుకుందాం. వెయ్యి ఆప్షన్లకు కంపెనీకి లక్ష కట్టాలి. ధరల మధ్య ఉన్న 4 లక్షల తేడాను చాలా దేశాల్లో ఆ ఏడాది జీతంలో కలిపేస్తారు. 30 శాతం పన్ను పడితే లక్షా 20 వేలు. అంటే మొత్తం 2.2 లక్షలు పెట్టి 5 లక్షల షేర్లు తీసుకున్నారు. అదే రోజు అమ్మితే 2.8 లక్షలు మిగులుతాయి.

అమ్మకుండా ఆగారు, ధర 150కి పడింది. షేర్ల విలువ లక్షన్నరే, పన్ను మాత్రం 500 ధర మీద కట్టేశారు. 70 వేలు ఎదురు నష్టం. ఆ నష్టాన్ని జీతం మీద పడిన పన్నులోంచి తగ్గించుకోవడం చాలాచోట్ల కుదరదు, కుదిరినా కొంతవరకే.

మా టీమ్‌లో ఒకాయన పన్ను కట్టడానికి పర్సనల్ లోన్ తీసుకుని మరీ షేర్లు ఉంచుకున్నారు. కంపెనీకి పెద్ద కస్టమర్లు తగ్గారు, షేరు పడింది, వెంటనే ఉద్యోగాల కోత వచ్చింది. ఆయన జీతం ఆగింది, వెస్ట్ కాని ఆప్షన్లు రద్దయ్యాయి, ఈఎంఐ మాత్రం ఆగలేదు. షేరును పడేసిన కారణమే ఉద్యోగాన్నీ తీసేస్తుంది, నాకు అసలు భయం అక్కడే. అమెరికాలో దివాలా తీసిన ఎన్రాన్ కంపెనీ షేరు 2000 చివర్లో 80 డాలర్ల పైన ఉండేది, ఏడాది తిరిగేసరికి డాలరు లోపుకి వచ్చింది. రిటైర్మెంట్ పొదుపు ఆ షేర్లలోనే ఉంచుకున్న ఉద్యోగులకు ఉద్యోగమూ పోయింది, పొదుపూ పోయింది.

కంపెనీ మీద మీకు నమ్మకం ఉంటే ఎక్సర్‌సైజ్ చేయకుండా ఆగడం నయం. ఆప్షన్ అలాగే ఉన్నంతకాలం ధర పెరిగితే లాభం మీదే, పడితే జేబులోంచి పైసా పోదు. కాకపోతే గడువు తేదీ చూసుకోండి. ఉద్యోగం మానేస్తే ఎక్సర్‌సైజ్ చేయడానికి చాలా ప్లాన్లలో 90 రోజులే ఇస్తారు. ఆప్షన్లు ఇచ్చినప్పుడు మీకిచ్చిన గ్రాంట్ లెటర్‌లో ఎంత రాశారో ఇవాళే చదవండి.

ఇంకా వెస్ట్ కావాల్సినవి ఎలాగూ ఈ కంపెనీ మీదే ఆధారపడి ఉన్నాయి. కాబట్టి చేతిలో ఉన్నవి అమ్మినంత మాత్రాన కంపెనీ ఎదుగుదలలో మీ వాటా పోదు. ఒక్క జాగ్రత్త: త్రైమాసిక ఫలితాల ముందు ఉద్యోగులు అమ్మకుండా ట్రేడింగ్ విండో మూసేస్తారు. అది ఎప్పుడు తెరుస్తారో కనుక్కుని, ఎక్సర్‌సైజ్, అమ్మకం రెండూ ఆ రోజుల్లోనే పెట్టుకోండి.