ఎవరికి ఏ పిలుపు, ఎక్కడ ఏ ముగింపు

చిత్తూరు

చిరంజీవి అమ్మాయికి పెదనాయన ఆశీస్సులు.

మీ కాలేజీ పూర్వ విద్యార్థుల సమావేశానికి నువ్వు రాసి పంపిన నాలుగు ఆహ్వానాలూ చదివాను. విషయం ఎక్కడా తడబడలేదు. చిక్కంతా మొదటి వరుసలోనూ చివరి వరుసలోనూ ఉంది. కలెక్టరు గారికీ, మీ అయ్యవారికీ, శ్రీకాళహస్తిలో డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న మీ హాస్టలు అక్కకూ, మదనపల్లెలోని నీ స్నేహితురాలికీ ఒకే పిలుపు పెట్టావు: ‘గౌరవనీయులైన ఫలానా గారికి’. ముగింపూ అందరికీ ఒకటే: ‘ఇట్లు, మీ విధేయురాలు’. ఆ స్నేహితురాలు ఇది చదివితే తన మీద నీకేదో కోపం వచ్చిందనుకుంటుంది.

ఉత్తరం అందుకునే మనిషి గురించి రెండు సంగతులు విడివిడిగా చూసుకోవాలమ్మా. ఒకటి పెద్దరికం, రెండోది చనువు. పెద్దవాళ్లందరూ దూరం వాళ్లు కారు, ఈడువాళ్లందరూ దగ్గరివాళ్లు కారు. కలెక్టరు గారు పెద్ద, పరిచయం లేదు. స్నేహితురాలు నీ ఈడుది, చనువు ఉంది. ఈ రెండూ తేలిక. మిగతా ఇద్దరూ పెద్దవాళ్లే, దగ్గరివాళ్లే. మన వాళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే.

తేలికవి ముందు చెప్పేస్తాను. కలెక్టరు గారికి పేరు కంటే హోదా ముఖ్యం. ‘గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారికి నమస్కారాలు’ అని మొదలుపెట్టు. చివర ‘విధేయురాలు’ అంటే తప్పు పట్టేవారు లేరు గానీ, అది పై అధికారికి కింది ఉద్యోగి రాసేటప్పుడో, అర్జీ పెట్టుకునేటప్పుడో అమరే మాట. నువ్వు ఒక సంఘం కార్యదర్శిగా ఆహ్వానిస్తున్నావు, దేనికీ చేయి చాచడం లేదు. ‘భవదీయురాలు’ చాలు. దాని కింద నీ పేరు, హోదా, ఫోను నంబరు రాయి. నీ పేరుకు ముందు నువ్వే ‘కుమారి’ అని తగిలించుకోకు, అలాంటివి ఎదుటివారు చేర్చవలసినవి. ఇక మదనపల్లె అమ్మాయికి పేరు పెట్టి పిలిచి, ‘ఎలా ఉన్నావు?’ అని అడిగి, ‘ప్రేమతో’ అని ముగిస్తే సరి.

మీ అయ్యవారి సంగతికి వద్దాం. ఆయన నిన్ను ‘ఏమ్మా’ అని పిలుస్తారు, ఇంటికి వెళ్తే అన్నం తిననిదే పంపరు. అంత చనువున్న మనిషికి ‘గౌరవనీయులైన’ అని రాస్తే దగ్గరి మనిషిని వీధి అరుగు మీద కూర్చోబెట్టినట్టు ఉంటుంది. అలాగని ఆయన నిన్ను నువ్వన్నంత మాత్రాన నువ్వు కాగితం మీద చనువు తీసుకోకూడదు. ఆయన చూపే చనువు కిందికి దిగివచ్చేది, నీ నుంచి పైకి వెళ్లవలసింది భక్తి. ‘పూజ్యులైన అయ్యవారికి, మీ శిష్యురాలు నమస్కరించి రాసేది’ అని మొదలుపెట్టు. మనవాళ్ల ఉత్తరాల్లో పాతకాలం నుంచి ఉన్న పద్ధతే ఇది, దూరమూ కాదు, చొరవా కాదు. చివర ‘మీ ఆశీస్సులు కోరుతూ, మీ శిష్యురాలు’ అని రాసి, పేరు పక్కన ఏ సంవత్సరం బ్యాచో కూడా వేయి. ఎందరికో చదువు చెప్పిన మనిషి, నీ పేరే ఉన్నవాళ్లు ఇంకా ఉండవచ్చు. ఒక్కటి మాత్రం జాగ్రత్త. శుభలేఖల్లో చూసిన అలవాటుతో కొందరు పెద్దలకు రాసే ఉత్తరాన్ని కూడా ‘ఆశీస్సులతో’ అని ముగిస్తున్నారు. ఆశీస్సులు పెద్దలు ఇచ్చేవి, చిన్నవాళ్లు పుచ్చుకునేవి. నేను నీకు రాయవచ్చు, నువ్వు ఆయనకు రాయరాదు.

అన్నిటికంటే చిక్కైనది హాస్టలు అక్క ఉత్తరం. ఆమెను నువ్వు ‘అక్కా, నువ్వు’ అనే పిలుస్తావు. అయినా ఆహ్వానం వెళ్లేది తహసీల్దారు కార్యాలయానికి. నేను ఏళ్ల తరబడి తపాలా విభాగంలో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆ కవరు ఆమె చేతిలో తెరుచుకోదు. గుమాస్తా తెరుస్తాడు, రిజిస్టరులో ఎక్కించి నంబరు వేస్తాడు, మిగతా కాగితాలతో కలిపి ఆమె బల్ల మీద పెడతాడు. ‘ప్రియమైన అక్కా’ అని ఉంటే ముందు చదివేది ఆ గుమాస్తా. ఆమె కింద పనిచేసేవాళ్ల ఎదుట ఆమె పెద్దరికాన్ని మనం తగ్గించినట్టవుతుంది. అందుకే ఉత్తరానికి పిలుపు ఎంచుకునేటప్పుడు ఎవరి పేరు మీద వెళ్తోందన్నదే కాదు, ఎవరెవరి కంట పడుతుందన్నది కూడా చూడాలి. ఒకే ఈమెయిలు నలుగురికి నకలు వెళ్తున్నా అంతే, ఆ నలుగురిలో ఎవరికి ఎక్కువ మర్యాద చూపాలో వారికి తగిన పిలుపే పెట్టాలి.

ఆమెకు రెండు విడివిడిగా రాయి. ఆఫీసుకు వెళ్లేదాంట్లో ‘డిప్యూటీ తహసీల్దారు గారికి నమస్కారాలు’ అని మొదలుపెట్టి, ‘మీరు’ అని సంబోధించి, ‘భవదీయురాలు’ అని ముగించు. అదే రోజు ఆమె ఫోనుకు విడిగా ఇలా పంపు:

‘అక్కా, నమస్తే. ఆహ్వానం మీ ఆఫీసు చిరునామాకు పంపాను. అందులో మీరు, గారు అని రాశాను, ఆఫీసు కాగితం కదా. నువ్వు మాత్రం తప్పకుండా రావాలి. నీ చెల్లెలు.’

ఈ నాలుగు ముక్కలు వెళ్లకపోతే ‘ఇదేమిటి, పరాయిదాన్ని చేసింది’ అని నొచ్చుకుంటుంది. ఫోనుకు పంపేదాంట్లో కూడా ‘మీరు’ అని రాస్తే ఇంకా నొచ్చుకుంటుంది. పిలుపు, మధ్యలోని నువ్వు మీరులు, ముగింపు మూడూ ఒక్క మెట్టు మీదే నిలవాలి. పైన ‘గౌరవనీయులైన’ అని, మధ్యలో ‘నువ్వు’ అని, కింద ‘ప్రేమతో’ అని ఉంటే ఆ ఉత్తరం ముగ్గురు కలిసి రాసినట్టుంటుంది. అందుకే రాయడం అయ్యాక ఆ మూడింటినే విడిగా ఒకసారి చదువుకో.

జవాబులు వచ్చాక ఇంకో పని ఉంది. పరిచయం లేని పెద్దవారు ‘చి. అమ్మాయికి’ అనో, ‘శుభాకాంక్షలతో’ అని పేరు మాత్రం వేసో రాస్తే వారే ఒక మెట్టు దిగివచ్చారన్నమాట. అప్పుడు నువ్వు ‘గౌరవనీయులైన’ వదిలి ‘ఫలానా గారికి నమస్కారం’ అనవచ్చు. ముందుగా దిగవలసింది మాత్రం పెద్దవాళ్లే. ఒకసారి దగ్గరయ్యాక మళ్లీ ఉన్నట్టుండి ‘అయ్యా’ అని మొదలుపెట్టకు, ఏదో తేడా వచ్చిందని ఎదుటివారు వెంటనే పసిగడతారు.

తిరుపతిలో చాలామంది ‘ఓం నమో వేంకటేశాయ’ అని పలకరించుకుంటారు, ఉత్తరాల తలమీదా రాస్తారు. ఎదుటివారు అలా రాస్తే నువ్వూ అలాగే బదులివ్వు, అది మన వైపు మర్యాద. ఎవరి నమ్మకమేమిటో తెలియనప్పుడు, ఆఫీసు కాగితాల మీద మాత్రం ‘నమస్కారం’ అందరికీ సరిపోతుంది.

మీ కాలేజీ అటెండరు గారిని ఎలా పిలవాలని ఫోనులో అడిగావు కదా. ఉద్యోగంలో చిన్న, వయసులో మీ నాన్నకంటే పెద్ద. ఆయనకిచ్చే ఆహ్వానం మీద కూడా పేరు చివర ‘గారు’ ఉండాలి, ‘నమస్కారం’ ఉండాలి, ముగింపు ‘భవదీయురాలు’ ఉండాలి. కవరు నువ్వే వెళ్లి చేతికివ్వు.

కలెక్టరు గారిది, అక్కది సోమవారం తపాలాలో వేయి. అయ్యవారిది తిరగరాశాక నాకొకసారి చూపించు.

ఆశీస్సులతో,
నీ పెదనాయన