బోడిమెడ పుంజుకు ఈకల మెడ పిల్లలు పుట్టాయి: లెక్క ఎక్కడ తప్పింది?

ప్రశ్న: బోడిమెడ పుంజును మేలు జాతిదని కొని, మామూలు నాటు పెట్టలతో కలిపాను. 24 పిల్లల్లో 13 బోడిమెడవి, 11 ఈకల మెడవి వచ్చాయి. ఆ బోడిమెడ పెట్టలు పెరిగాక అదే పుంజుతో కలిపితే 40 పిల్లల్లో 31 బోడివి, 9 ఈకలవి. బోడిమెడ బహిర్గత లక్షణం, అంటే ఒక్క జన్యువున్నా పైకి కనిపించేది, కాబట్టి మొదటిసారి అన్నీ బోడివే రావాలని ఇంటర్ చదివే మా అబ్బాయి పట్టిక వేసి చూపించాడు. ఇంట్లో నాటు పుంజు ఇంకొకటి తిరుగుతుంటుంది. తప్పు ఎక్కడుంది? – ఒక రైతు, సూర్యాపేట జిల్లా

జవాబు: మీ అబ్బాయి పట్టిక వేసిన తీరు సరైనదే. అయితే పుంజు సంయోగబీజాలు, అంటే దాని నుంచి పిల్లలకు చేరే బీజకణాలన్నింటిలోనూ బోడి జన్యువే ఉంటుందని అతను ముందే అనుకున్నాడు. ఆ ఊహకు ఆధారం అమ్మినవారి మాట ఒక్కటే. బోడి జన్యువును 'బ' అని, ఈకల జన్యువును 'ఈ' అని రాసుకుందాం. ప్రతి కోడిలోనూ ఇవి జంటగా, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి ఉంటాయి. మెడ నిండా ఈకలున్న పెట్టలో 'బ' ఒక్కటి కూడా ఉండదు, ఉంటే మెడమీద కనిపించి తీరుతుంది. కాబట్టి మీ పెట్టలు కచ్చితంగా 'ఈఈ', వాటి సంయోగబీజాలు ఒకే రకం. పుంజు 'బబ' అయితే పిల్లలన్నీ 'బఈ' కావాలి. పుంజు 'బఈ' అయితే దాని సంయోగబీజాల్లో సగం 'బ', సగం 'ఈ' ఉండి, పిల్లలు సగం సగంగా, అంటే 24కు 12, 12గా రావాలి. మీకు వచ్చిన 13, 11 దీనికి చాలా దగ్గర.

రెండో సంకరణంలో 'బఈ' పుంజు, 'బఈ' పెట్టలు కలిస్తే పట్టికలోని నాలుగు గళ్ళలో ఒకటి 'బబ', రెండు 'బఈ', ఒకటి 'ఈఈ' అవుతాయి. అంటే 40కి 30 బోడివి, 10 ఈకలవి. ఇదీ సరిపోయింది. అయినా బహిర్గతం అన్న మాటను ఇక్కడ మరోసారి పరిశీలించాలి. ఈ జన్యువుది అసంపూర్ణ బహిర్గతత్వం, అంటే ఒక 'బ' ఉన్న కోడి, రెండు 'బ'లున్న కోడి ఒకేలా కనిపించవు. ఒక పిల్లను చేతిలోకి తీసుకుని, ముక్కు పైకెత్తి, మెడ ముందు వైపు కింది భాగాన, మేత నిలిచే సంచికి కాస్త పైన చూడండి. 'బఈ' పిల్లకు అక్కడ బోసి చర్మం మధ్య చిన్న ఈకల కుచ్చు ఒంటరిగా నిలబడి ఉంటుంది. 'బబ' పిల్లకు ఆ చోటు దాదాపు బోసిగా ఉంటుంది. ఈ తేడా పుట్టిన రోజే నూగులో తెలుస్తుంది. మీ 31 పిల్లలను ఇలా విడదీస్తే కుచ్చు లేనివి సుమారు 10, కుచ్చు ఉన్నవి సుమారు 21 తేలాలి.

అయితే లెక్క కుదిరింది కదా అని పుంజు 'బఈ' అని ఇప్పుడే తేల్చవద్దని నా సలహా, ఎందుకంటే మీ ఇంట్లో నాటు పుంజు ఉంది. మీ పుంజు 'బబ' అయి, గుడ్లలో సగం నాటు పుంజువల్ల ఫలదీకరణం చెందినవైతే, పెట్టలకు చేరిన మగ సంయోగబీజాల్లో అప్పుడూ సగం 'బ', సగం 'ఈ' ఉంటాయి. మొదటి సంకరణంలో సగం సగం, రెండోదానిలో ఒకటి, రెండు, ఒకటి అన్న నిష్పత్తే వస్తుంది. 'ఈ' సంయోగబీజాలు ఏ పుంజువో నిష్పత్తి చెప్పదు.

కాబట్టి ముందుగా పుంజు మెడనే చూడండి. కుచ్చు ఉంటే అది 'బఈ'. కుచ్చు లేకపోయినా పొడుచుకోవడంవల్ల ఈకలు రాలిపోయి ఉండవచ్చు, అప్పుడు పరీక్షా సంకరణం చేయాలి. నాలుగైదు ఈకల మెడ పెట్టలను ఏ పుంజూ చేరని గదిలో మూడు వారాలు ఉంచండి. పెట్ట కడుపులో మగ బీజకణాలు రెండు మూడు వారాలపాటు బతికే ఉంటాయి కాబట్టి ఈ గడువు తప్పనిసరి. ఈ మూడు వారాల గుడ్లను పొదగేయకండి. తర్వాత మీ పుంజు ఒక్కదాన్నే వదిలి, వారం గడిచాక పెట్టే గుడ్లను పొదిగించండి. పిల్లల్లో ఒక్కటి ఈకల మెడతో పుట్టినా పుంజు 'బఈ' అని తేలిపోతుంది. 8 పిల్లలు వరుసగా బోడిమెడవే అయితే, పుంజు 'బఈ' అయి కూడా అలా జరిగే అవకాశం 256లో ఒక్కటే కాబట్టి 'బబ' అని నమ్మవచ్చు. పొదగని గుడ్లను పగలగొట్టి, బాగా ఎదిగిన పిండాల మెడలు కూడా చూసి రాసుకోండి, పిల్లలను మాత్రమే లెక్కిస్తే గుడ్డులో చనిపోయినవి లెక్కలోంచి జారిపోతాయి.

ఫలితం ఏదైనా, ఈ పుంజును దాని కూతుళ్ళతో మళ్ళీ కలపకండి, రక్తసంబంధం పెరిగితే పొదుగుబాటు, పిల్లల బతుకుబాటు తగ్గుతాయి. మంద మొత్తాన్ని బోడిమెడగా మార్చాలనుకుంటే, కుచ్చు లేని పెట్టలను ఉంచుకుని, వేరే ఊరి నుంచి కుచ్చు లేని పుంజును తెచ్చి, దానికీ ఇదే పరీక్ష చేశాకే మందలో వదలండి.