లోటు తెలియకుండా నడిపారు అని రాయకు: యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నువ్వు పంపిన డ్రాఫ్ట్ చదివాను. మీ మేనేజర్ గారు "నాలుగు లైన్లు థాంక్స్ రాసిపెట్టు, నా పేరుతో పంపుతాను" అన్నారని, పది నిమిషాల పనే కదా అని మొదలుపెడితే రెండు గంటలు పట్టిందని రాశావు. పట్టాల్సిందే. ముప్ఫై పేజీల రిపోర్టులో ఒక మాట అటూ ఇటూ అయితే ఎవరూ చూడరు. ఇలాంటి మెయిల్‌ని మాత్రం, ఎవరి గురించి రాశావో వాళ్లు మూడుసార్లు చదువుతారు. ఎవరి గురించి రాయలేదో వాళ్లు ఐదుసార్లు చదువుతారు.

మీ టీమ్‌లో ఒకావిడ పది పనిరోజులు లీవ్‌లో ఉన్నారు, ముగ్గురు కలిసి ఆవిడ పని చూశారు. దానికి నువ్వు రాసింది ఇది:

"తల్లిగారి ఆపరేషన్ వల్ల మన సహోద్యోగి ఉన్నట్టుండి సెలవు పెట్టాల్సి వచ్చినా, ఆవిడ లేని లోటు ఏమాత్రం తెలియకుండా మీరు ముగ్గురూ పని నడిపించారు. రాత్రి పదకొండింటి దాకా కూర్చున్నారు. సెలవు రోజున కూడా వచ్చారు. నేను అడగకముందే అన్నీ చూసుకున్నారు. మీలాంటి టీమ్ దొరకడం నా అదృష్టం. ఎప్పుడూ ఇలాగే కలిసి పనిచేద్దాం."

చదవడానికి బాగుంది. చెడ్డ ఉద్దేశంతో రాసిన మాట ఒక్కటీ లేదు. కానీ ఇది అయిపోయిన పది రోజుల గురించి రాసిన మెయిల్ అని నువ్వు అనుకుంటున్నావు. చదివేవాళ్లు మాత్రం దీన్ని రాబోయే రోజులకు రూలుగా చదువుతారు. బాస్ దేన్ని మెచ్చుకుంటే, రేపటి నుంచి అదే మామూలు పని అవుతుంది.

"లోటు తెలియకుండా" అన్న మాట చూడు. అందరూ రాస్తారు, నేనూ చాలా ఏళ్లు రాశాను. సోమవారం తిరిగొచ్చిన ఆవిడ దాన్ని ఎలా చదువుతుంది? పది రోజులు నేను లేకపోయినా ఎవరికీ తెలియలేదట అని. పని చేసిన ముగ్గురూ ఎలా చదువుతారు? నీకు తెలియలేదేమో, మాకు బాగానే తెలిసింది అని. ఇక ఈ మెయిల్ పైవాళ్ల దాకా వెళ్లిందనుకో, వాళ్లకు వచ్చే ఆలోచన వేరు: ఒక మనిషి లేకపోయినా పని సాఫీగా నడిచిందన్నమాట. వచ్చే ఏడాది ఇంకో మనిషి కావాలని మీ మేనేజర్ అడిగితే, ఆయన సంతకంతో ఉన్న ఈ మాటే ఆయనకు అడ్డం వస్తుంది.

పైగా అది నిజం కూడా కాదు. ఆ పది రోజుల్లో స్టాక్ లెక్క సరిచూసే పని ఒక వారం వెనక్కి పోయిందని నీ ఉత్తరంలో నువ్వే రాశావు. అంటే లోటు వచ్చింది. దాన్ని ముగ్గురు మోశారు, ఒక పని ఆగింది. ఆ ఆగిన పని పేరు మెయిల్‌లో లేకపోతే ఏమవుతుందో తెలుసా? వారం తర్వాత ఎవరో ఒకరు "స్టాక్ లెక్క ఇంకా కాలేదేం?" అని అడుగుతారు. అప్పుడు సంజాయిషీ చెప్పుకోవాల్సింది, థాంక్స్ అందుకున్న ఆ మనిషే.

రాత్రి పదకొండు సంగతి. ముగ్గురిలో ఒకావిడ రోజూ ఆరింటికి ఇంటికి వెళ్లిందని, అయినా కస్టమర్ల ఫోన్లన్నీ తనే తీసుకుందని రాశావు. నీ మెయిల్‌లో ఆవిడ ఎక్కడుంది? "ముగ్గురూ" అన్న మాటలో ఉంది, అంతే. మిగతా మెప్పంతా గడియారానికి పోయింది. ఈసారి ఎవరైనా లీవ్ పెడితే, పని ఉన్నా లేకపోయినా పదింటి దాకా లైట్లు వెలుగుతాయి చూడు. గంటల్ని మెచ్చుకుంటే గంటలే వస్తాయి. అందుకని చేసిన పని పేరు రాయి. ఏ తేదీకి ఏది పూర్తయిందో రాయి.

అలాగని వాళ్లు రాత్రిపూట కూర్చున్న మాట దాచేయమని కాదు. అది మేనేజర్ తన మీద వేసుకుని చెప్పాల్సిన మాట. ఎందుకు కూర్చోవాల్సి వచ్చిందో అడిగితే కారణం సాధారణంగా చిన్నదే అయి ఉంటుంది. హ్యాండోవర్ కాగితం లేదు, లేదా పాస్‌వర్డ్ ఒక్క మనిషి దగ్గరే ఉంది. "అడగకముందే చూసుకున్నారు" కూడా ఇలాంటిదే. ఎవరు ఏది చూడాలో పంచి చెప్పాల్సింది మేనేజర్. ఆయన చెప్పలేదు, వాళ్లే సర్దుకున్నారు. దాన్ని వాళ్ల గొప్పతనంగా రాస్తే, వచ్చేసారి కూడా ఆయన చెప్పనక్కర్లేదని రాసిచ్చినట్టే.

ఆవిడ తల్లిగారి ఆపరేషన్ మాట తీసెయ్. అది చెప్పాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం. "లీవ్‌లో ఉన్నప్పుడు" అంటే చాలు.

నీ డ్రాఫ్ట్‌లో ఉన్నవాటికంటే లేనిదే నన్ను ఎక్కువ కంగారుపెట్టింది. ఈ ఏర్పాటు ఎప్పుడు ముగుస్తుందో అందులో ఎక్కడా లేదు.

నా సంగతి ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆఫీసులో ఇలాంటి థాంక్స్ నోట్ నేనే రాశాను. ఒకాయన మూడు వారాలు సెలవులో ఉంటే, పక్క సీటాయన బయటినుంచి వచ్చే ఫిర్యాదులన్నీ చూశారు. నేను "ఎంతో ఓపికగా, చక్కగా పరిష్కరించారు" అని రాసి ఆఫీసంతటికీ పంపించాను. దాంతో ఫిర్యాదులకు ఆయనే మనిషని అందరికీ ముద్ర పడిపోయింది. సెలవాయన తిరిగొచ్చారు, ఫోన్లు మాత్రం ఈయన టేబుల్ మీదే మోగుతూ ఉన్నాయి. ఆరు నెలల తర్వాత ఆయన నా దగ్గరికొచ్చి, "బాబూ, నువ్వు నన్ను మెచ్చుకోకపోయినా బాగుండేది" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ నోట్‌లో "సోమవారం నుంచి మళ్లీ పాత పద్ధతే" అన్న ఒక్క వాక్యం ఉంటే సరిపోయేది.

కాబట్టి మళ్లీ రాసేముందు ఆ ముగ్గురినీ విడివిడిగా కలువు. ఏ పని తీసుకున్నారు, దానికోసం మీ పనిలో ఏది పక్కన పెట్టారు, ఇంకా మీ దగ్గరే ఏం మిగిలి ఉంది అని అడుగు. మొదటిదానికి జవాబు గబగబా వస్తుంది. రెండోదానికి కొంచెం మొహమాటపడతారు. మూడోది అడిగినప్పుడు చాలామంది ఒక్క క్షణం ఆగి, "నిజమే, ఆ పని ఇంకా నేనే చేస్తున్నాను" అంటారు.

నీ ఉత్తరంలో ఉన్న వివరాలతో నేనైతే ఇలా రాస్తాను. పేర్ల దగ్గర ఖాళీలు వదిలాను.

"ఈ పది రోజులు మీరు పంచుకున్న పనికి థాంక్స్. ____ గారూ, నెలాఖరు రిపోర్టు మీ చేతిమీదుగా అనుకున్న తేదీకే వెళ్లింది. ____ గారూ, కస్టమర్ల ఫోన్లన్నీ మీరే తీసుకున్నారు, ఏ రోజు కాల్‌కి ఆ రోజే జవాబు వెళ్లింది. ____ గారూ, బిల్లుల్లో రెండు తేడాలు మీరు పట్టుకోబట్టే బయటికి వెళ్లకముందు సరిచేశాం. దీనికోసం స్టాక్ లెక్క ఒక వారం వాయిదా వేయడానికి నేనే ఒప్పుకున్నాను, కొత్త తేదీ 14. రెండు రాత్రులు ఆలస్యంగా కూర్చోవాల్సి వచ్చింది. అలా మళ్లీ జరగకుండా చూడటం నా పని. సోమవారం నుంచి ఈ పనులన్నీ తిరిగి ____ గారే చూస్తారు. బుధవారం తర్వాత కూడా మీ దగ్గర ఏదైనా మిగిలిపోతే నాకు చెప్పండి."

పొగడ్త మాట ఒక్కటీ లేదు, గమనించావా? అయినా చదివినవాడికి తను చేసింది బాస్ చూశాడని తెలుస్తుంది. "పంచుకున్న పని" అనడం వల్ల తిరిగొచ్చిన ఆవిడ ఎవరికీ బాకీ పడినట్టు ఉండదు. సోమవారానికీ బుధవారానికీ మధ్య రెండు రోజులు కావాలనే వదిలాను. పది రోజుల పని ఒక్క పూటలో చేతులు మారదు, ఆవిడ కుర్చీలో కూర్చోగానే అంతా మీద పడకూడదు. గడువు దాటాక "ఇది ఇంకా నా దగ్గరే ఉంది" అని చెప్పడం ఫిర్యాదు చేసినట్టు కాకుండా, అడిగినదానికి జవాబు చెప్పినట్టు ఉంటుంది.

ఒక జాగ్రత్త. "నేనే ఒప్పుకున్నాను" అన్న మాట మీ మేనేజర్ నిజంగా ఒప్పుకుని ఉంటేనే రాయాలి. వాయిదా సంగతి ఆయనకు ఇప్పటిదాకా తెలియకపోతే ముందు చెప్పు, కొత్త తేదీ ఆయన చేతే వేయించు. సెలవు రోజున వచ్చినందుకు బదులుగా ఇచ్చే కాంప్ ఆఫ్ మాట కూడా అంతే. మంజూరు చేయించుకుని తేదీలతో సహా రాస్తే సరే. "తప్పకుండా చూద్దాం" అని రాస్తే, ఆ చూద్దాం ఎప్పటికీ చూడనిదే అవుతుంది.

ముగ్గురికీ పంపి, తిరిగొచ్చినావిడకు సీసీ పెడితే చాలు. గ్రూపులో అందరికీ పెడితే, తన డెడ్‌లైన్ వల్ల సాయం చేయలేకపోయిన ఆ నాలుగో ఆయన్ని ఊరికే నిలదీసినట్టు ఉంటుంది. పైవాళ్లకు చెప్పాలనుకుంటే మేనేజర్ వేరే మెయిల్ రాసుకోవచ్చు. అందులో వాయిదా పడిన పని కూడా ఉండాలి.

ఇదంతా పది రోజుల లీవ్‌కే సరిపోతుంది. మూడు నెలలైతే చివర్లో థాంక్స్ చెప్పడం వల్ల లాభం లేదు. ఎవరి పని ఎవరికి, ఏది ఆపేస్తున్నాం అన్నది మొదటి వారంలోనే రాసి పంపాలి. ఇక ఇదే ముగ్గురికి ఏడాదిలో నాలుగోసారి థాంక్స్ రాయమన్నారనుకో, కలం పక్కనపెట్టి, మనుషులు చాలడం లేదని మీ మేనేజర్‌కి చెప్పు.

అన్నట్టు, నీ ఉత్తరం చివర్లో ఇంకో మనిషి కనిపించాడు. రోజూ పొద్దున్నే ఆవిడ మెయిల్‌బాక్స్ తెరిచి, ఏ మెయిల్ ఎవరికి వెళ్లాలో చూసి పంపించిన ఆ కొత్త కుర్రాడు. నీ డ్రాఫ్ట్‌లో అతను లేడు, నా దాంట్లోనూ లేడు. పంపేముందు కనుక్కో, ముగ్గురా, నలుగురా?

ఇట్లు,
అన్నయ్య